అద్దె ఇక ఎవరి చేతికి?

పరుపులు కుట్టేవాడికి కంటినిండా నిద్ర ఉంటుందని లోకం అనుకుంటుంది. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడన్న సంగతి అందరికీ తెలుసు కానీ, పరుపులాయన నిద్ర గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. ఈ పరుపులాయన రాత్రిళ్ళు పడుకునేది చాప మీద. పొద్దంతా దూదిలో మునిగి తేలినవాడికి ఇంటికెళ్ళాక కూడా ఆ మెత్తదనం ఒంటికి తగిలితే తిక్క పుడుతుందట. అది ఆయన చెప్పే మాట. అమ్ముడుపోయే సరుకు మీద పడుకోవడానికి మనసొప్పదని ఆయన భార్య చెప్పే మాట. రెండూ నిజమే అయి ఉంటాయి.

ఆయన కొట్టు వీధి చివర, సైకిళ్ళు బాగుచేసే షెడ్డుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. లోపల చివర్న దూది ఏకే మిషను. అది తిరుగుతుంటే గోడలు కూడా దగ్గుతాయి. మధ్యలో పరుపు పరిచి కుట్టే ఖాళీ చోటు. గుమ్మం పక్కన వెలుగు పడేచోట భార్య కుట్టుమిషను. ఆవిడ పరుపు గుడ్డలూ దిండు గలీబులూ కుడుతుంది, వచ్చేపోయే వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచుతుంది, మొగుడి మీద రెండో కన్ను. ఏళ్ళ తరబడి దూది పీల్చి ఆయన గొంతు బొంగురుపోయింది. మెడమీదా చెవుల మీదా ఎప్పుడూ తెల్లటి నూగు. నలభైల్లోనే ముసలాడిలా కనిపించేవాడు, ఇప్పుడు యాభై దాటాక కూడా అలాగే ఉన్నాడు కాబట్టి, ఆ లెక్కన వయసు కలిసొచ్చిందనే చెప్పాలి.

కొట్టు ఆయనది కాదు. రెండు వీధుల అవతల ఉండే పెద్దాయనది. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ, కానీ మాటంటే మాటే. ప్రతి ఒకటో తారీకు సాయంత్రం పరుపులాయన ఆ ఇంటికి వెళ్ళి వరండాలో నిలబడేవాడు. పెద్దాయన డబ్బు తీసుకుని, రసీదు రాసి, చించి ఇచ్చి, "వ్యాపారం ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఈయన "నడుస్తోందండీ" అనేవాడు. ఇరవై రెండేళ్ళపాటు వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ దాదాపు అంతే.

అయితే ఏడాదిలో ఒక్క నెల మాత్రం డబ్బూ లేదు, రసీదూ లేదు. దానికో కథ ఉంది. కొట్టు తీసుకున్న కొత్తల్లో ఒక ఏడాది వానలు వదలకుండా పట్టుకున్నాయి. తడిసిన దూది ఆరదు, కొత్త పరుపు ఎవరూ కొనరు. ఆ నెల అద్దెకి ఈయన చేతులు నలుపుకుంటూ వెళ్ళి నిలబడితే, పెద్దాయన కాసేపు ఆలోచించి, డబ్బు లేకపోతే పని చెయ్యమన్నాడు. ఇంట్లో పరుపులన్నీ ఉండలు కట్టిపోయాయి, అన్నీ విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి పెడితే ఆ నెల అద్దె చెల్లు అన్నాడు. పరుపులాయన అలాగే చేశాడు. మరుసటి ఏడాది డబ్బు ఉన్నా పెద్దాయన తీసుకోలేదు. "పరుపులు విప్పే నెల కదా ఇది" అన్నాడు. అప్పట్నించీ వానలకు ముందు నెల అద్దె అంటే ఆ ఇంటి పరుపులే. మిద్దె మీద ఎండలో దూది ఆరబెట్టడం, బెత్తాలతో కొట్టడం, సాయంత్రానికి దబ్బనంతో కుట్లు వెయ్యడం. పెద్దాయన భార్య పక్కన నిలబడి, ఏ పరుపు ఎవరిదో, ఏ వైపు తల ఎత్తుగా కావాలో చెప్పేది. మధ్యాహ్నం మంచినీళ్ళు తెచ్చి పెట్టేది.

ఆ ఇరవై రెండో ఏడాది కూడా పరుపులు విప్పడం, కుట్టడం అయ్యాయి. మరుసటి వారమే పెద్దాయన పోయాడు. అప్పుడే కుట్టిన పరుపు మీద, నిద్రలోనే. పరుపులాయన వెళ్ళి చూసి, ఒక మూల నిలబడి, ఎవరినీ పలకరించకుండా తిరిగొచ్చాడు. "మంచి చావు" అని అందరూ అంటుంటే, ఆయనకు మాత్రం తన చేతి కుట్ల మీద మనిషి పోయాడన్న సంగతే మనసులో తిరిగింది. కొట్టుకొచ్చి ఆ రోజు మిషను వెయ్యలేదు.

ఒకటో తారీకు వచ్చింది. మామూలుగా లేచి, డబ్బు జేబులో పెట్టుకుని, గడప దాటబోయి ఆగిపోయాడు. ఎవరికివ్వాలి?

"ఎవరో ఒకరొస్తారు లెండి," అంది భార్య. "చావు కబురు ఆలస్యంగా రావచ్చు కానీ, అద్దె అడిగే కబురు ఆలస్యం కాదు."

ఆవిడ నోట ఏం ఉందో కానీ, ఆ వారంలోనే పెద్దకొడుకు వచ్చాడు. పెద్దాయనకు ఇద్దరే పిల్లలు, ఒక కొడుకు, ఒక కూతురు. కానీ ఇంట్లో అతన్ని మొదట్నుంచీ పెద్దకొడుకనే అంటారు, చిన్నకొడుకు లేకపోయినా. అతను తల్లిదండ్రులున్న ఇంటి పై అంతస్తులోనే భార్యాపిల్లలతో ఉంటాడు, టైల్స్ షోరూములో మేనేజరు. వచ్చి కొట్టులో కూర్చోవడానికి చోటు వెతికి, దూది అంటుతుందని కూర్చోకుండానే ప్లాస్టిక్ కవరు లోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి తండ్రి మరణ ధ్రువపత్రం. రెండోది ఇంటిపన్ను రసీదు, అందులో పన్ను కట్టినవాడుగా తన పేరు ఉంది. పన్ను నేనే కడుతున్నాను, కాబట్టి అద్దె నాకే ఇవ్వాలి, ఇకనుంచి ఇంటికి రానక్కర్లేదు, నా ఫోనుకు పంపెయ్ అన్నాడు.

పరుపులాయన చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళింది. అడగడానికి వచ్చిన మనిషికి లేదనడం ఆయనకు పుట్టుకతో రాని విద్య. కుట్టుమిషను చప్పుడు ఆగింది. భార్య దారం తెంపుతూ, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగింది. బాగానే ఉందన్నాడతను. చెల్లెమ్మ వచ్చిందా అని అడిగింది. వస్తుంది పోతుంది అన్నాడు. ఆ రెండు జవాబుల మధ్య పరుపులాయన చెయ్యి జేబులోనే ఆగిపోయింది. రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి పంపించాడు.

రెండు రోజులు కూడా పట్టలేదు. మర్నాడు కూతురొచ్చింది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నే సూదులు గుచ్చడం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా గుచ్చి, ఆ తరవాత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చినట్టుంది మొహం. గుమ్మంలోనే చుట్టలు చుట్టి ఉన్న పాత పరుపు మీద కూలబడింది. తెచ్చిన కవరు లోంచి వారసుల ధ్రువపత్రం తీసింది. దాని కోసం ఎన్నిసార్లు క్యూలో నిలబడిందో, ఏ గుమాస్తా ఏ సంతకం కోసం మళ్ళీ రమ్మన్నాడో చెప్పుకుపోయింది. పరుపులాయన ఆ కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. పోయినాయన వారసులు ముగ్గురు. మొదట భార్య, తరవాత కొడుకు, తరవాత కూతురు. పెద్దాయన భార్య పేరు ఇన్నేళ్ళకు మొదటిసారి తెలిసింది ఆయనకు.

"అన్నా, మా అన్నయ్యకు ఇవ్వొద్దు," అంది కూతురు. "వాడికిస్తే అమ్మ దాకా రాదు. నాకివ్వండి. అమ్మ మందులూ అవీ నేనే చూస్తున్నాను. కావాలంటే వచ్చి చూడండి."

అలా అన్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పరుపులాయనకు జాలేసింది. జాలి వెయ్యకపోతే ఆయన పరుపులాయనే కాడు. కానీ నిన్న అన్నగారు చూపించిన కాగితాలు కూడా కాగితాలే కదా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు, ఇద్దరూ పెద్దాయన బిడ్డలు. ఒకరికిస్తే రెండోవాళ్ళొచ్చి మా వాటా ఏదీ అంటారు. ఎవరికీ ఇవ్వకపోతే అద్దె ఎగ్గొట్టావని కొట్టు ఖాళీ చెయ్యమంటారు. ఈ కొట్టు పోతే ఆ మిషను పట్టే చోటు ఈ వీధుల్లో ఇంకోటి లేదు. మిషను లేకపోతే ఆయన పరుపులాయన కాడు, ఊరికే దగ్గే మనిషి.

చివరికి భార్యే తోవ చెప్పింది. మందుల షాపు మేడ మీద వకీలుగారు ఉన్నారుగా, ఆయన నడుం నొప్పికి మన పరుపేగా మందు, వెళ్ళి అడగండి అంది.

వకీలుగారు పరుపులాయన చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని ఈయన మధ్యలో ఆగితే, "చెప్పు చెప్పు" అన్నాడు. అంతా అయ్యాక విడమరిచి చెప్పాడు. ఇంటి యజమాని పోయినంత మాత్రాన అద్దెకున్నవాడి ఒప్పందం పోదు, వారసులు ఆ యజమాని చోటులోకి వస్తారు. మరణ ధ్రువపత్రం ఆయన పోయాడని చెబుతుంది, అద్దె ఎవరిదో చెప్పదు. పన్ను రసీదు పన్ను ఎవరు కట్టారో చెబుతుంది, ఆస్తి ఎవరిదో చెప్పదు. వారసుల పత్రం ముగ్గురున్నారని చెబుతుంది, ఆ ముగ్గురిలో డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పదు.

"మరి ఎవరు చెప్పాలి?"

"ముగ్గురూ కలిసి చెప్పాలి. ఒకే కాగితం మీద, ముగ్గురి సంతకాలతో. మా ముగ్గురి తరఫున ఫలానావాళ్ళకి అద్దె ఇవ్వు, వాళ్ళ రసీదు మా అందరిదీ అని. వీలునామా లేదని కూడా అందులో రాయాలి. ఉంటే కథ వేరే. నువ్వు పెద్దాయనకు కట్టిన అడ్వాన్సు కూడా ఆ కాగితంలో ఎక్కాలి, లేకపోతే అది ఆయనతో పాటే పోయిందంటారు."

ఆ కాగితం వచ్చేదాకా నెలనెలా అద్దె వేరే ఖాతాలో వేసి ముట్టుకోవద్దన్నాడు. ఆ సంగతి ముగ్గురికీ రిజిస్టర్డ్ పోస్టులో రాసి పంపమన్నాడు. ఎప్పటికీ తేలకపోతే కోర్టులో కట్టొచ్చు, అప్పుడు కూడా అద్దె ఎగ్గొట్టాడని ఎవరూ అనలేరు అన్నాడు. ఉత్తరాలు తనే రాసిచ్చి, ఫీజు బదులు ఒక దిండు చాలన్నాడు. నడుం నొప్పి మెడకు పాకిందట.

ముగ్గురికీ అంటే అమ్మగారికి కూడా. పరుపులాయన ఆవిడ పేరుతో ఉత్తరం పోస్టు చేసేటప్పుడు కాస్త తటపటాయించాడు. ఎన్నడూ పేరుపెట్టి పిలవని మనిషికి, మొగుడు పోయి నిండా రెండు నెలలు కాలేదు, కవరు మీద పేరు రాసి రిజిస్టర్డ్ ఉత్తరం పంపడం తప్పుగా తోచింది. కానీ వకీలుగారు ముగ్గురన్నాక ముగ్గురే.

ఉత్తరం అందగానే పెద్దకొడుకు మండిపడుతూ వచ్చాడు. ఈసారి చేతిలో వేరే కాగితం. తండ్రి రసీదు పుస్తకాలన్నీ తీసి చూశానన్నాడు. ఏటేటా ఒక నెల రసీదు లేదు. ప్రతి ఏడాదీ, వరసగా, అన్నేళ్ళూ. ఏడాదికో నెల చొప్పున ఎగ్గొట్టావు, మా నాన్న మెతకతనం చూసుకుని అన్నాడు. ఆ బాకీ అంతా ఒకేసారి కట్టు, లేకపోతే కొట్టు ఖాళీ చెయ్యి. కాగితం కింద అదే రాసి ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. పరుపులాయన పరుపుల సంగతి చెప్పాడు. పెద్దకొడుకు నవ్వాడు. "పరుపులు కుడితే అద్దె చెల్లా? ఎక్కడ రాసుంది?" అన్నాడు. ఎక్కడా రాసి లేదు. పెద్దాయన మాటంటే మాటే గనక ఎవరూ రాయలేదు. చిన్నప్పుడు ఈ పిల్లాడే మిద్దె మీద దూది గుట్టలో దూకి తన్నులు తిన్నాడు. పరుపులాయన ఆ మాట అనబోయి మింగేశాడు.

సాయంత్రం మళ్ళీ వకీలుగారి దగ్గరకెళితే, ఆయన ఈసారి కళ్ళు తెరిచే విన్నాడు. కాగితం లేకపోతే చూసినవాళ్ళు కావాలి, ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారు. అమ్మగారే. ఏటేటా పక్కనే నిలబడి చూసింది. పైగా ఆవిడ కూడా ఒక యజమానే ఇప్పుడు.

"అయితే వెళ్ళి అడుగు. ఒక్క మాట చెబితే చాలు."

పరుపులాయన తలూపాడు, మేడ దిగాడు, వెళ్ళలేదు. కొడుకు మీదకి తల్లిని ఎగదొయ్యడం ఎలా? ఆవిడ ఉండేది ఆ కొడుకు నీడలోనే, తినేది ఆ కోడలి చేత్తోనే. నా మాట నిలబడటానికి ఆవిడ కూడు మీదకి తేవాలా అని భార్యతో అన్నాడు. భార్య ఆ రాత్రంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న టీ ఇస్తూ, "మీలాంటి వాళ్ళకి దేవుడు నోరు ఇచ్చింది దగ్గడానికే," అంది.

తరవాతి నెలలు ఈడ్చుకుంటూ నడిచాయి. ప్రతి ఒకటో తారీకూ పరుపులాయన బ్యాంకుకు వెళ్ళి, అద్దె ఆ వేరే ఖాతాలో వేసి, కాగితం తెచ్చి గోడకున్న మేకుకు గుచ్చేవాడు. కూతురు ఫోను చేసి, అన్నయ్య ఒప్పుకోవట్లేదని చెప్పేది. కొడుకు దారిలో కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు. పనిలో మనసు నిలవలేదు. ఒకావిడ పరుపుకు తల వైపూ కాళ్ళ వైపూ తారుమారుగా దూది పెట్టి కుట్టేశాడు. ఆవిడ తిరిగి తెచ్చి, ఇది పరుపా, జారుడుబండా అని అడిగింది. అంతా విప్పి మళ్ళీ కుట్టాడు. ఏ పని చేసినా రెండుసార్లు చెయ్యాల్సి వస్తోంది. అలసిపోయాడు. ఒళ్ళు అలిసిపోవడం ఆయనకు కొత్త కాదు, అది నిద్రతో పోతుంది. ఇది పడుకున్నా పోయే అలసట కాదు.

చివరికి ఆయనే దిగొచ్చాడు. కూతురు ఎలాగో అన్నను ఒప్పించి, ముగ్గురూ ఒకచోట కూర్చుని కాగితం రాద్దామని పిలిచినప్పుడు, ఆ ఎగవేత నెలల బాకీ కూడా కొద్దికొద్దిగా కట్టేస్తానని చెప్పడానికే మనసులో నిశ్చయించుకుని వెళ్ళాడు. చెయ్యని తప్పుకు డబ్బు కట్టడం కష్టమే. కానీ కొట్టు నిలుస్తుంది, మనుషులు నోరు మూస్తారు. మనశ్శాంతికి అదే ధర అయితే అదే ఇద్దామనుకున్నాడు. భార్యకు ఈ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే గడప దాటనిచ్చేది కాదు.

పెద్దాయన ఇంటి ముందుగదిలో వకీలుగారు బల్ల ముందు కూర్చున్నాడు. ఒక పక్క కొడుకు, ఒక పక్క కూతురు. పెద్దాయన భార్య లోపలి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఆవిడ ముందుకు రమ్మంటే, ఇక్కడ వినిపిస్తోందిలే అంది. మనిషి బాగా తగ్గిపోయింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి.

వకీలుగారు మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, ముగ్గురి గుర్తింపు కార్డుల నకళ్ళూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కాగితం చదివాడు. వీలునామా లేదు. అడ్వాన్సు ముట్టింది, అది ఇకనుంచి ముగ్గురి బాధ్యత. ఇన్ని నెలలుగా ఖాతాలో ఉన్న అద్దె కూడా ఇదే కాగితం ప్రకారం చెల్లుతుంది. ఎప్పుడైనా మార్చాలంటే మళ్ళీ ముగ్గురూ రాసిస్తేనే మార్పు. అద్దె పుచ్చుకునేవారి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు.

ఆ పేరు సంగతి తరవాత, ముందు బాకీ సంగతి ఎక్కాలన్నాడు కొడుకు. అది లేకుండా సంతకం చెయ్యనన్నాడు. కూతురు తల పట్టుకుంది. వకీలుగారు పరుపులాయన వంక చూశాడు. పరుపులాయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. కట్టేస్తానండీ, కానీ ఒక్కసారిగా కాదు, అని సగం మాట బయటికి వచ్చింది.

"ఎందుకు కడతావు నాయనా?" అంది లోపలి గుమ్మం దగ్గర్నుంచి ఆవిడ.

గదిలో అందరూ అటు తిరిగారు. ఆవిడ లేచి రాలేదు. గొంతు పెంచలేదు కూడా.

"ఏ నెలలురా నువ్వు అడుగుతున్నది? పరుపుల నెలలేగా?" అని కొడుకును అడిగింది.

కొడుకు రసీదులు లేవని ఏదో అనబోయాడు.

"రసీదెందుకు ఉంటుంది? ఆ అద్దె మీ ఒళ్ళ కిందే ఉంది. ఏటేటా మీ నాన్నే విప్పించాడు, నేనే దగ్గరుండి కుట్టించాను. నీ పెళ్ళి పరుపు దగ్గర్నుంచీ నీ పిల్లల పరుపుల దాకా. ఆ అద్దె మీద పడుకునే పెరిగావు నువ్వు. పడుకుని లేచి, ఇప్పుడు మళ్ళీ డబ్బు అడుగుతావా?"

పరుపులాయన తల దించుకున్నాడు. ఇన్ని నెలలూ ఆవిడ మీదకి తేకూడదనుకున్న బరువు ఆవిడే తీసి నెత్తిన పెట్టుకుంది. ఆయనకు ఊపిరి తేలిక పడింది, దానితో పాటే సిగ్గూ ముంచుకొచ్చింది. ఈవిడను అడగడానికి తను భయపడ్డాడు. ఆవిడ మాత్రం భయపడలేదు.

కొడుకు మొహం ఎర్రబడింది. తను తెచ్చిన బాకీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సరే, ఆ సంగతి వదిలేద్దాం, పేరు రాయండి, నేను తీసుకుని అమ్మకు తెచ్చిస్తానన్నాడు. నువ్వెందుకు, నేను తీసుకుంటానంది కూతురు. ఇద్దరూ వకీలుగారి కలం వంకే చూస్తున్నారు.

"నా పేరు రాయండి," అంది ఆవిడ.

"నీకెందుకమ్మా శ్రమ? నేను తెచ్చిస్తాగా?"

"తెచ్చివ్వడానికి మధ్యలో మనిషెందుకురా? కొట్టు రెండు వీధుల అవతలేగా. నాకు కాళ్ళున్నాయి."

వకీలుగారు అడ్డు చెప్పలేదు. ఖాళీ వదిలిన చోట ఆవిడ పేరు రాశాడు. కొడుకు అందరికంటే చివర్న సంతకం పెట్టాడు, పెట్టి పైకెళ్ళిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కాస్త ఎక్కువే వినిపించింది. పరుపులాయనకు ఒక నకలు ఇచ్చారు. దాన్ని ఆయన చొక్కా లోపల, ఒంటికి తగిలేట్టు పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. భార్య చదివి, మడిచి, డబ్బాలో పెట్టింది. మీరు కడతానన్న సంగతి వకీలుగారు ఫోను చేసి చెప్పారు, దాని గురించి రేపు మాట్లాడదాం అంది.

ఒకటో తారీకు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. చేతిలో కొత్త రసీదు పుస్తకం, కలం. ఎండన పడి నడిచి వచ్చిందేమో ఆయాసపడుతోంది. పరుపులాయన మిషను ఆపి, కొత్తగా కుట్టి ఆ రోజే ఇవ్వాల్సిన పరుపు మీద ఉన్న దూది దులిపి కూర్చోమన్నాడు. భార్య మంచినీళ్ళిచ్చింది. ఆ నెల అద్దెతో పాటు ఖాతాలోంచి తీసిన పాత నెలల డబ్బు కూడా ఇచ్చాడాయన. ఆవిడ ఎంచలేదు, సంచిలో పెట్టుకుంది. ఒక్కో నెలకూ ఒక్కో రసీదు రాసింది. అలవాటు లేని చెయ్యి, నెమ్మదిగా, ఒత్తిపెట్టి రాసింది. ఒక రసీదులో నెల తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాసింది. ఆలస్యమవుతున్నా ఎవరూ తొందరపెట్టలేదు.

చివరి రసీదు చించి ఇచ్చాక ఆవిడ లేవలేదు.

"ఈసారి వానలకు ముందు మా ఇంటికి పరుపుల కోసం రావద్దు నాయనా," అంది. "విప్పించేదేం లేదు. ఆయన పోయిన పరుపు మీద పడుకోలేక కింద పడుకుంటున్నాను. పైవాళ్ళు ఫోము పరుపులు తెచ్చుకున్నారు. ఆ నెలకు కూడా డబ్బే ఇచ్చెయ్యి."

"అలాగేనండీ," అన్నాడు పరుపులాయన.

"కాసేపు కూర్చుని వెళతాను. ఇంటికి వెళ్ళాలనిపించట్లేదు."

కూర్చోండమ్మా అంది భార్య. ఆవిడ గోడకు జారబడింది. సంచి ఒళ్ళోనే ఉంది, చేతులు దాని మీద. కాసేపు కుట్టుమిషను చప్పుడు వింటూ ఉండిపోయింది. తరవాత తల పక్కకు వాలింది. భార్య లేచి వెళ్ళి చూసి, ఒక దిండు మెల్లగా పక్కన పెట్టింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే దాని మీదకి ఒరిగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎన్ని రాత్రుల నిద్రో అది, ఒక్కసారిగా వచ్చి పడింది.

సాయంత్రానికి ఆ పరుపు కావలసినవాళ్ళు ఆటో తీసుకుని వచ్చారు. పరుపులాయన గుమ్మంలోనే ఎదురెళ్ళి, ఇవాళ కాలేదు, రేపు ఇస్తానని చెప్పాడు. కుట్టి ఎదురుగా కనబడుతోంది కదయ్యా అన్నాడు వచ్చినాయన. పరుపులాయన వేలు పెదాల మీద పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఇంటి ఓనరమ్మ పడుకున్నారండీ," అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన మిషను దగ్గరకు వెళ్ళలేదు. భార్య కూడా కుట్టు ఆపేసింది. ఇద్దరూ గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. దగ్గు వస్తే ఆయన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, లేచి వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చాడు.